ఒకే తెల్ల చొక్కా: ఉదయం ఆఫీసు, మధ్యాహ్నం రైలు, రాత్రి నిశ్చితార్థపు విందు

సిరిపురం_కిరణ్ (ఆదివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. నేను ద్వారకానగర్‌లోని ఒక కార్యాలయంలో పనిచేస్తున్నాను. వచ్చే గురువారం ఉదయం ప్రధాన కార్యాలయం నుండి వచ్చే పెద్దల ముందు నేను మాట్లాడవలసి ఉంది. అది ముగియగానే స్టేషనుకు పరుగెత్తి, మధ్యాహ్నం రత్నాచల్ ఎక్కి విజయవాడ వెళ్ళాలి. రాత్రి మా పెదనాన్నగారి అమ్మాయి నిశ్చితార్థపు విందు. మధ్యలో ఇల్లు చేరే వీలు లేదు కాబట్టి స్టేషను నుండి నేరుగా విందుకే వెళ్ళాలి. చేతిలో ఒక భుజం సంచి తప్ప ఏమీ పెట్టుకోదలచుకోలేదు.

ఒక్క తెల్ల చొక్కాతోనే ఈ మూడు సందర్భాలూ గడుపుకోవాలని నా ఆలోచన. అయితే కిందటిసారి ఇలాగే ఒక విందుకు ఆఫీసు చొక్కాను టక్ తీసి వేసుకుని వెళితే, మా బాబాయి నన్ను ఎగాదిగా చూసి "ఏరా, పడుకునే చొక్కాతోనే వచ్చేశావా?" అన్నారు. చొక్కా ఖరీదైనదే, ఇస్త్రీ కూడా చెదరలేదు. తప్పు ఎక్కడ జరిగిందో నాకు ఇప్పటికీ తెలియలేదు. నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. తెలిసినవారు చెప్పగలరు.

నేవీక్వార్టర్స్_శ్రీను (ఆదివారం, రాత్రి 9:42)

కిరణ్ గారూ, తెల్ల బట్టల సంగతి నేను చిన్నప్పటి నుండి చూస్తున్నాను, ఎందుకంటే మా నాన్నగారు నౌకాదళంలో పనిచేశారు, మా ఇంట్లో ఆరవేసిన తీగ నిండా తెల్లని యూనిఫారాలే ఉండేవి. మీరు చొక్కాకు చిక్కగా గంజి పెట్టించండి. గంజి ఉంటే మురికి నూలులోకి దిగదు, మడత నిలబడుతుంది. లోపల మంచి తెల్ల బనియను వేసుకోండి. తెలుపు మీద తెలుపు కాబట్టి కనిపించదు. ఇంతకు మించి ఆలోచించవలసినది ఏమీ లేదు.

పూర్ణామార్కెట్_దర్జీ (ఆదివారం, రాత్రి 10:35)

కిరణ్ బాబూ, నేను 32 సంవత్సరాలుగా చొక్కాలు కుడుతున్నాను. మీ బాబాయిగారు పట్టుకున్నది చొక్కా అంచును. ఆఫీసు కోసం కుట్టిన చొక్కాను టక్ చేసుకుంటారనే లెక్కతోనే కోస్తారు. చెయ్యి పైకెత్తినా, కూర్చుని లేచినా ప్యాంటులో నుండి బయటికి రాకూడదని ముందు, వెనుక తోకలాగా పొడుగు ఉంచి, పక్కలకు మాత్రం లోతుగా ఒంపు తీస్తారు. అదే చొక్కాను బయటికి వదిలితే తోక వెనుక జేబు కిందికి దిగిపోతుంది, పక్కల ఒంపు దగ్గర బెల్టు కనిపిస్తుంది. చూసేవారికి కారణం తోచదు, మనిషి పక్క మీద నుండి లేచి వచ్చినట్టు మాత్రం అనిపిస్తుంది. మూడు చోట్లా పనికిరావలసిన చొక్కాకు మొదట సరిచేయవలసింది ఈ పొడుగే, తక్కిన అలంకారాలన్నీ దాని తరువాతే.

ఇలా కొలవండి. చొక్కాను బల్ల మీద బోర్లా పరచి, వెనుక కాలరు పట్టీ కుట్టు దగ్గర టేపు పెట్టి కింది అంచు దాకా తీయండి. పక్క కుట్టు ముగిసే చోటికి కూడా కాలరు నుండి నిలువుగా ఎంత దూరం వస్తుందో చూడండి. ఆ రెండు సంఖ్యలూ ఇక్కడ రాయండి.

ఇక శ్రీను గారి మాట. గంజి మురికిని ఆపుతుందనేది నిజమే, నేను కాదనను. అయితే మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ, గంజి ఆ తేమను పీల్చుకుంటుంది. ఉదయం పలకలాగా నిలబడ్డ చొక్కా మధ్యాహ్నానికి మెత్తబడి ఒంటికి అంటుకుంటుంది. పైగా గంజి పెట్టిన గుడ్డ మీద మడత ఒకసారి పడితే కత్తితో గీసినట్టు ఉంటుంది, చేత్తో నిమిరితే పోదు. ఆరు గంటల రైలు ప్రయాణం ఉన్నవారు కాలరుకూ కఫ్‌లకూ మాత్రం పలుచగా పెట్టించుకుంటే చాలు.

బనియను విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేను. తెల్ల చొక్కా లోపల తెల్ల బనియనే అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. బనియను ఉన్న చోట గుడ్డ మరింత తెల్లగా, లేని చోట ఒంటి రంగు కలిసి మసకగా తోచి, భుజాల మీద బనియను గీత స్పష్టంగా బయటపడుతుంది. చెమట పట్టి చొక్కా తడిస్తే ఇంకా ఎక్కువ. మీ ఒంటి రంగుకు దగ్గరగా ఉన్న గోధుమ రంగు బనియను వేసుకుని అద్దం ముందు నిలబడి చూడండి.

నేవీక్వార్టర్స్_శ్రీను (ఆదివారం, రాత్రి 10:58)

దర్జీ గారూ, గోధుమ రంగు బనియను నేను ఎన్నడూ వినలేదు. రేపు తెప్పించి చూసి చెబుతాను. గంజి విషయంలో నా అభిప్రాయం మారలేదు.

సాయి_మధురవాడ (సోమవారం, ఉదయం 7:20)

కిరణ్ అన్నా, రైలులో చొక్కా గుండీలు పెట్టుకుని కూర్చోవడం ఎందుకు? లోపల ముదురు నీలం లేదా నలుపు టీషర్టు వేసుకుని, చొక్కా గుండీలన్నీ తీసి, చేతులు మోచేతి దాకా మడిచి పైన జాకెట్టులాగా వదిలేయండి. నేను భీమిలి వెళ్ళినా, అరకు వెళ్ళినా ఇదే పద్ధతి. చొక్కా ఒంటికి తగలదు కాబట్టి చెమట మరకలు పడవు, రాత్రికి మళ్ళీ గుండీలు పెట్టుకోవచ్చు. కొత్తది కొనే ఆలోచన ఉంటే నార చొక్కా, అంటే లినెన్, తీసుకోండి. గాలి బాగా ఆడుతుంది.

విందుకు టక్ చేయాలన్న నియమం ఇప్పుడు ఎవరూ పాటించడం లేదు. పొడుగు సరిగ్గా ఉంటే బయటికి వదిలినా హుందాగానే ఉంటుంది.

పూర్ణామార్కెట్_దర్జీ (సోమవారం, ఉదయం 8:05)

టీషర్టు ఆలోచన బాగుంది సాయీ, నేను కూడా అదే చెప్పబోయాను. లినెన్ మాత్రం ఈ పనికి వద్దు. చల్లగా ఉంటుంది గానీ, స్కూటరు మీద ఆఫీసుకు చేరే లోపే మోచేతి మడతల దగ్గర నలిగిపోతుంది. సాయంత్రం బీచ్ రోడ్డుకు వెళ్ళేవారికి ఆ నలుగుడే అందం, పెద్దల ముందు నిలబడి మాట్లాడేవారికి కాదు. పొందూరు సన్న ఖాదీ సంగతీ అంతే. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి వడికే ఆ నూలును చూస్తే నాకు చేతులు ఆగవు, కానీ సన్న రకం పలుచగా ఉంటుంది, టక్ చేస్తే నడుము దగ్గర ముద్ద కడుతుంది. దాన్ని టక్ చేయకుండా పంచె మీదికి వేసుకోవాలి. మూడు పనులకూ ఒక్కటే కావాలంటే కొద్దిగా బరువున్న నూలు ఆక్స్‌ఫర్డ్ గుడ్డ మంచిది. దాని నేత గరుకుగా ఉండడం వల్ల చిన్న నలుగుడు కంటికి ఆనదు, ఒళ్ళు కూడా కనిపించదు. పాప్లిన్ అయితే నున్నగా, ఆఫీసుకు మరింత మర్యాదగా ఉంటుంది, కానీ ప్రతి గీతా కనిపిస్తుంది.

పద్మజ_ఎంవీపీ (సోమవారం, మధ్యాహ్నం 1:15)

ఈ పొడుగు గొడవ మాకు ఇంకో రకంగా ఎదురవుతుంది. నేను తెల్ల చొక్కాను వారంలో రెండు రోజులు ప్యాంటు మీద, ఒక రోజు ఉప్పాడ చీరకు రవికెలాగా వేసుకునేదాన్ని. చీర కింద పొడుగు చొక్కాను లంగాలోకి దోపితే కుచ్చిళ్ళ దగ్గర ఉబ్బెత్తుగా వచ్చి, ఎంత సన్నని మనిషికైనా పొట్ట ఉన్నట్టు కనిపిస్తుంది. విసుగుపుట్టి ఒకనాడు ఆ చొక్కాను నడుము దాకా కత్తిరించేశాను. చీరకు అద్భుతంగా కుదిరింది. ఆ తరువాత ప్యాంటు మీదికి అది పనికిరాకుండా పోయింది. కాబట్టి ఒకే చొక్కా అన్నిటికీ సరిపోతుందంటే నేను నమ్మను.

దర్జీ గారూ, ఒక సందేహం. నాకు రెండో గుండీకీ మూడో గుండీకీ మధ్య ఎప్పుడూ సందు విచ్చుకుంటుంది. పెద్ద సైజు తీసుకుంటే భుజాలు జారుతున్నాయి. దీనికి మార్గం ఉందా?

పూర్ణామార్కెట్_దర్జీ (సోమవారం, మధ్యాహ్నం 2:40)

ఉందమ్మా. భుజం కుట్టు మీ భుజం ఎముక మీద సరిగ్గా కూర్చున్న సైజే తీసుకోండి, పెద్దది తీసుకోకండి. సందు విచ్చుకునే చోట, రెండు గుండీల మధ్యలో, గుండీ పట్టీ లోపలి వైపు ఒక చిన్న టిచ్ బటన్ కుట్టించండి. బయటికి కనిపించదు. చీర విషయంలో మీ మాట నిజం. నేను చెప్పే పొడుగు ప్యాంటుకూ పంచెకూ మాత్రమే, చీర కుచ్చిళ్ళ కింద ఏ చొక్కా తోకా ఇమడదు.

గాజువాక_మాష్టారు (సోమవారం, సాయంత్రం 6:30)

చర్చ చదివాను. తెల్ల చొక్కా అనగానే నా అనుభవం చెప్పాలనిపించింది. గత నెల రైలులో పులిహోర తింటూ చొక్కా మీద పడేసుకున్నాను. ఇంటికి రాగానే సబ్బు రుద్దితే పసుపు మరక కాస్తా రక్తంలాగా ఎర్రబడింది. భయపడి చొక్కాను మూలన పడేశాను. తెల్ల చొక్కాను ఏ సబ్బుతో ఉతకాలో ముందు నిర్ణయించుకోవాలి కదా? కిరణ్ అడుగుతున్నది కూడా అదేననుకుంటాను.

పూర్ణామార్కెట్_దర్జీ (సోమవారం, రాత్రి 7:15)

మాష్టారూ, కిరణ్ బాబు అడిగింది వేరు, అయినా మీ చొక్కా పాడైపోలేదు. పసుపుకు సబ్బులోని క్షారం తగిలితే ఎర్రబడుతుంది, బాగా జాడిస్తే మళ్ళీ పసుపు రంగుకే వస్తుంది. తరువాత తడిగానే ఎండలో ఆరవేయండి. పసుపు రంగు ఎండకు నిలవదు, రెండు మూడు ఎండలకు వెలిసిపోతుంది. కిరణ్ బాబూ, మీరు మాత్రం రైలులో పులిహోర జోలికి పోకండి.

సిరిపురం_కిరణ్ (సోమవారం, రాత్రి 9:30)

దర్జీ గారూ, కొలిచాను. నా దగ్గర ఉన్న ఆక్స్‌ఫర్డ్ చొక్కా వెనుక తోక 31 అంగుళాలు ఉంది, పక్క కుట్టు దగ్గర 28 అంగుళాలు ఉంది. ఇప్పటికి పదిసార్లు ఉతికి ఉంటాను. విందుకు ప్యాంటు మీదే వెళ్ళాలా, లేక మా అమ్మ అంటున్నట్టు పంచె కట్టుకోవాలా అనేది కూడా తేల్చుకోలేకపోతున్నాను.

పూర్ణామార్కెట్_దర్జీ (సోమవారం, రాత్రి 10:20)

పదిసార్లు ఉతికింది కాబట్టి ముడుచుకోవలసినంత ముడుచుకుపోయి ఉంటుంది, ఇక ధైర్యంగా కోయవచ్చు. కొత్త చొక్కాను, తడపని గుడ్డను, కొలత చూసి కోస్తే రెండు ఉతుకుల తరువాత ముప్పావు అంగుళం పోయినా ఆశ్చర్యపోనవసరం లేదు.

మీ ఎత్తుకు వెనుక పొడుగు 28.5 అంగుళాలు సరిపోతుంది. అంటే ముందు తోక నుండి, వెనుక తోక నుండి 2.5 అంగుళాలు తీయించండి, పక్కల 28ని ముట్టుకోవద్దు. అప్పుడు ఒంపు అరంగుళం మాత్రమే మిగులుతుంది, దాదాపు తిన్నని అంచులాగా కనిపిస్తుంది. అంచు మడతకు కావలసిన గుడ్డను కూడా లెక్కలో పెట్టుకోమని కుట్టేవారికి చెప్పండి, లేకపోతే మరో అరంగుళం పోతుంది. ఆఖరి గుండీ అంచుకు దగ్గరగా వస్తుంది. చొక్కాను బయటికి వదిలినప్పుడు ఆ గుండీ పెట్టుకోకండి, కూర్చున్నప్పుడు పొట్ట దగ్గర గుడ్డ లాగినట్టు ఉండదు.

కుట్టించాక రెండు పరీక్షలు చేయండి. టక్ చేసి రెండు చేతులూ పూర్తిగా పైకెత్తండి. అంచు బయటికి వస్తే తప్పు చొక్కాది కాకపోవచ్చు, ప్యాంటు నడుము మరీ కిందికి ఉందేమో చూడండి. బొడ్డుకు రెండు వేళ్ళ కిందుగా కూర్చునే ప్యాంటు కావాలి. తరువాత టక్ తీసి అద్దానికి వీపు పెట్టి చూడండి. అంచు వెనుక జేబు మధ్యలో ఆగాలి, జేబు మొత్తాన్ని కప్పేస్తే ఇంకా పొడుగు ఉన్నట్టే.

ఉదయం టక్ చేసేటప్పుడు పక్కల మిగిలే గుడ్డను రెండు వేళ్ళతో పట్టుకుని, వెనుక వైపుకు ఒక మడత వేసి, ఆ మడతతో సహా ప్యాంటులోకి దోపండి. నడుము దగ్గర గాలి బుడగలాగా ఉబ్బదు. ముదురు నీలం ప్యాంటు, మెడ గుండీ ఒక్కటి తీసి, చేతుల గుండీలు పెట్టుకుని ఉంటే చాలు.

రైలు ఎక్కే ముందు చొక్కా విప్పి సంచిలో పెట్టుకోండి. సాయి చెప్పినట్టు టీషర్టు మీద విడిగా వేసుకోవచ్చు గానీ, ఆరు గంటలు వీపు సీటుకు ఆనితే నలుగుతుంది. కిటికీ ఊచలకు మోచెయ్యి ఆనిస్తే తుప్పు అంటుతుంది, అది పసుపులాగా ఎండకు పోయే మరక కాదు.

రాత్రికి పంచే కట్టుకోండి. అమ్మగారి మాట నూటికి నూరుపాళ్ళు సరైనది. జరీ అంచు పంచె మీద తిన్నని అంచున్న తెల్ల చొక్కా, భుజాన కండువా వేసుకుంటే, ఉదయం ఆఫీసులో చూసిన చొక్కా ఇదేనని ఎవరికీ తట్టదు. కట్టడం రాకపోతే నడుము దగ్గర అతికించుకునే పట్టీ ఉన్న పంచెలు జగదాంబ సెంటరు వైపు దుకాణాలలో దొరుకుతాయి.

పద్మజ_ఎంవీపీ (మంగళవారం, ఉదయం 10:00)

ఒక్క మాట. పంచె కొనేటప్పుడు చొక్కా వెంట తీసుకుని వెళ్ళండి. తెలుపులలో చాలా రకాలున్నాయి. ఉతికే పొడులలో ఉండే మెరుపు మందు వల్ల, నీలిమందు వల్ల మీ చొక్కా నీలి ఛాయ తెలుపు అయి ఉంటుంది. పట్టు పంచె మీగడ రంగులో ఉంటుంది. రెండూ పక్కపక్కన చేరితే పంచె పాతబడినట్టు, మాసినట్టు కనిపిస్తుంది. దుకాణం దీపాల కింద ఈ తేడా తెలియదు, గుమ్మం దాకా వచ్చి పగటి వెలుగులో చూడండి. మా తమ్ముడి పెళ్ళి ఫోటోలలో ఇదే జరిగింది. ఇప్పటికీ ఆ ఆల్బం తెరిస్తే మా మరదలు నవ్వుతుంది.

సాయి_మధురవాడ (మంగళవారం, ఉదయం 11:25)

పంచె బాగానే ఉంటుంది గానీ, విందులో అందరూ ప్యాంట్లతో ఉంటే అన్న ఒక్కడే పెళ్ళికొడుకు తాలూకు పురోహితుడిలాగా కనిపించడా? పొడుగు సరిచేశాక అదే నీలం ప్యాంటు మీద బయటికి వదిలి, చేతులు మడిస్తే సరిపోతుందని నా నమ్మకం. చేతుల మడత మాత్రం చుట్టలు చుట్టినట్టు చేయకూడదు. కఫ్‌ను విప్పి, ఒకే ఎత్తున మోచేతి కిందిదాకా తిరగేసి, కింద మిగిలిన గుడ్డను ఒకసారి పైకి మడిచి కఫ్ సగాన్ని కప్పాలి. కఫ్ కొస పైన కాస్త కనిపిస్తూ ఉండాలి. అది జారదు.

పూర్ణామార్కెట్_దర్జీ (మంగళవారం, మధ్యాహ్నం 3:10)

సాయీ, మడత పద్ధతి నువ్వు చెప్పిందే సరైనది. నిశ్చితార్థానికి టక్ లేకుండా ప్యాంటు మీద వెళ్ళడం మాత్రం నా కంటికి ఇప్పటికీ నచ్చదు.

సిరిపురం_కిరణ్ (శనివారం, సాయంత్రం 5:45)

విజయవాడ నుండి తిరిగి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మంగళవారం సాయంత్రమే అంచు కోయించి కుట్టించాను. చేతులెత్తే పరీక్షలో నా పాత ప్యాంటు ఓడిపోయింది, నడుము ఎత్తుగా ఉన్న రెండోది నెగ్గింది. గురువారం సమావేశంలో గంటన్నర నిలబడి మాట్లాడినా చొక్కా కదలలేదు. పక్క మడత చిట్కా వల్ల వెనుక నుండి చూసిన మా సహోద్యోగి కొత్తగా కుట్టించావా అని అడిగాడు.

రైలులో మాత్రం నేను దర్జీ గారి మాట వినలేదు. ఏసీ బోగీ చలిగా ఉండడంతో చొక్కాను సాయి చెప్పినట్టు నల్ల టీషర్టు మీద విడిగా వేసుకుని, చేతులు అదే పద్ధతిలో మడిచి, సామర్లకోట దాటాక నిద్రపోయాను. లేచేసరికి వీపు మీద నలుగుడు పడింది, ఆక్స్‌ఫర్డ్ కావడం వల్ల అది పెద్దగా తెలియలేదు. అసలు ఇబ్బంది చేతుల దగ్గర వచ్చింది. మడత విప్పితే ముంజేతి మధ్యలో అడ్డంగా రెండు గట్టి గీతలు మిగిలాయి. విందు జరిగే చోట చెయ్యి తడిపి నిమిరాను, సగమే పోయాయి. చివరికి పంచె మీద చేతులు మళ్ళీ మడిచే వేసుకున్నాను.

పంచె తెలుపును పద్మజ గారు చెప్పినట్టు గుమ్మంలో చూసి నూలు పంచె తీసుకున్నాను, బాగా కలిసింది. బాబాయి ఈసారి ఎగాదిగా చూసి ఏమీ అనలేదు. కాసేపటికి "కండువా ఎడమ భుజం మీద వేసుకోవాలిరా" అన్నారు. ఎడమ భుజం మీదే ఉందన్న సంగతి ఆయనకు చెప్పలేదు.

పూర్ణామార్కెట్_దర్జీ (శనివారం, రాత్రి 8:20)

ఆ గీతలు పోవాలంటే తడి గుడ్డ పరచి ఇస్త్రీ చేయాలి, నిమిరితే లొంగవు. ఈసారి రైలులో చేతులు మడవాలనిపిస్తే ఒక్క మడతతో వదులుగా ఆపండి.

నేవీక్వార్టర్స్_శ్రీను (శనివారం, రాత్రి 9:05)

గోధుమ రంగు బనియను తెప్పించి వేసుకుని చూశాను. కనిపించలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే మా ఆవిడ దాన్ని ఉతకని బనియననుకుని రెండుసార్లు నానబెట్టింది. దర్జీ గారూ, కాలరుకు మాత్రం గంజి అన్నారు కదా, నా చొక్కా కాలరు లోపలి బక్రం నాలుగు ఉతుకులకే బుడగలు లేచింది. అది గంజి వల్లనా, ఇస్త్రీ వేడి వల్లనా?

పూర్ణామార్కెట్_దర్జీ (శనివారం, రాత్రి 9:30)

చూడకుండా చెప్పలేను శ్రీను గారూ. అతికించే బక్రం నాసిరకమైతే జిగురు విడిపోయి అలాగే లేస్తుంది. ఒకసారి చొక్కా పట్టుకుని దుకాణానికి రండి, కాలరు విప్పి చూద్దాం.